ఆరు తర్వాత సౌకర్యం కాదు

మిరపమ్మకి కోపం రావడానికి కారణం అక్కర్లేదని వాళ్ళాయన అంటుంటాడు గానీ, ఆ వారం మాత్రం ఆమెకి కారణాలు బస్తాలకొద్దీ దొరికాయి. అసలు పేరు ఇంకేదో ఉంది. పెళ్ళైన కొత్తలో మొగుడు ముద్దుగా పెట్టిన ఈ పేరే ఊరందరి నోళ్ళలో పడి, అసలు పేరు పెట్టె అడుగున పట్టుచీరలా మిగిలిపోయింది. ఆమె శిశు సంరక్షణ కేంద్రంలో పిల్లలూ, వాళ్ళ అమ్మానాన్నలూ మటుకు ఆమెని "పిన్నీ" అంటారు. ముఖం మీద మిరపమ్మా అనే ధైర్యం ఎవరికుంది చెప్పండి?

కేంద్రమంటే పెద్ద మేడ ఏం కాదు. సొంత ఇంటి కింది వాటా. ముందు గదిలో బొమ్మలు, మధ్య గదిలో చిన్న చిన్న పరుపులు, వెనక వంటిల్లు, గోడకి పిల్లల ఎత్తున కొట్టిన మేకులు, ఒక్కో మేక్కీ ఒక్కో సంచి. పనికి మిరపమ్మ కాక ఆయమ్మ. ఆయమ్మ చేతిలో ఏముందో గానీ, ఎంత గుక్కపెట్టిన పిల్ల అయినా ఆవిడ భుజం మీద పడేసరికి ఆవలిస్తుంది. ఇద్దరు పెద్దవాళ్ళు లేకుండా అంతమంది పసివాళ్ళని ఉంచుకోకూడదని రూలు. అంటే ఆయమ్మ లేకపోతే తలుపుకి తాళమే.

ఆ ఆయమ్మే శనివారం సాయంత్రం కొంగు దోపుకుని వచ్చి, ఈ నెలాఖరుకి మానేస్తానంది.

ఆవిడ అరవలేదు. అరిస్తే మిరపమ్మకి తేలికయ్యేది, తనూ అరిచేది. పని ఆరింటిదాకా అని ఒప్పుకుంది తను. ఆరుకి ఒకరు వస్తారు, ఆరుంపావుకి ఇంకొకరు, ఆఖరి పిల్ల చెప్పులు తొడుక్కునేసరికి ఏడు కొట్టేస్తుంది. ఆవిడ మనవరాలిని వేరే వీధిలో ఒకావిడ చూస్తుంది, ఆ పిల్ల కూడా అక్కడ ఆఖరున మిగిలిపోతోంది. "ఊళ్ళోవాళ్ళ పిల్లలు నా ఒళ్ళో, నా పిల్ల ఎవరి గుమ్మంలోనో. ఇదేం న్యాయం అమ్మాయ్?" అంది. అంతే. మూడేళ్ళుగా జీతం పెంచని మనిషి దగ్గర జవాబు ఎక్కడుంటుంది?

పెంచడానికి ఫీజు పెంచాలి కదా. ఆమె పెంచలేదు. అడగడమంటే ఆమెకి నామోషీ. అరవడం వచ్చినంత బాగా అడగడం రాని మనుషులుంటారు, అందులో ఆమె మొదటిది. ఆ రాత్రికి మొగుడితో కూర్చుని తేల్చేసింది: వచ్చే నెల నుంచి ఫీజు పెంచాలి, ఆలస్యంగా వచ్చేవాళ్ళ దగ్గర అపరాధ రుసుం తీసుకోవాలి, ఆయమ్మని ఆరింటికి ఇంటికి పంపాలి.

ఇక చెప్పడం ఎలా? కేంద్రానికి ఫోన్‌లో ఒక పేజీ ఉంది. పిల్లలు రంగులు పూసుకున్న ఫొటోలు పెడతారు, తల్లులు ఆఫీసుల్లో కూర్చుని చూసుకుని మురిసిపోతారు. ఏ విషయమైనా అందులో ఫొటో కింద రాస్తే అందరికీ చేరుతుంది. ఆ రాతకోతలు చూసేది మిరపమ్మ ఆడపడుచు. బట్టల దుకాణానికి ప్రకటనలు రాసే పిల్ల. చెప్పొద్దూ, దాని చేతిలో చిరిగిన గుడ్డ కూడా కొత్త ఫ్యాషనై కూర్చుంటుంది.

"నువ్వు రాశావంటే నిప్పులు కురుస్తాయి వదినా, నాకొదిలెయ్. చేదు మాత్ర మింగించాలంటే తేనె పట్టించాలి" అంది ఆడపడుచు. మిరపమ్మ మనసు పీకింది గానీ, తన నోటి సంగతి తనకీ తెలుసు కదా. సరేనంది.

ఆదివారం పొద్దున పోస్టు పడింది. బుజ్జిగాళ్ళు బుడగలూదుతున్న ఫొటో. కింద ఇదీ రాత:

"మన ముద్దుల గూడు పెరుగుతోంది! చిట్టి పాదాలకి మరింత ప్రేమ, మరింత సమయం! ఇక నుంచి ఆరు తర్వాత కూడా మీ బంగారాలు మా ఒడిలోనే. మీ కోసమే ఈ కొత్త సౌకర్యం!"

ఆ తర్వాత నాలుగు వరసల నక్షత్రాలు, పువ్వులు, గుండెలు. ఆ తోటంతా దాటుకుని కిందకి వెళితే, "మరిన్ని" అన్న మాట మీద నొక్కినవాళ్ళకి మాత్రమే కనపడే చోట, తేలు కుట్టిన దొంగలా ఒక ముక్క నక్కి ఉంది: "ఫీజులో స్వల్ప మార్పులు ఉంటాయి. వివరాలకు సంప్రదించండి."

మధ్యాహ్నానికి అభినందనలు వెల్లువెత్తాయి. ఒకావిడ కొత్త బ్రాంచి ఎక్కడ పెడుతున్నారని అడిగింది. ఇంకొకావిడ, పాపం, గూడు పెరుగుతోందంటే మిరపమ్మకి నెల తప్పిందనుకుని, ఈ వయసులో జాగ్రత్త పిన్నీ అని రాసింది. ఆడపడుచు గుండెలు లెక్కపెట్టుకుని, "చూశావా వదినా, ఒక్కరికీ నొప్పి తెలీలేదు" అంది.

నొప్పి సోమవారం సాయంత్రం తెలిసింది.

మామూలుగా ఆరు దాటాక నలుగురైదుగురు మిగులుతారు. ఆ రోజు ఆరుంపావైనా మేకులకి సగం సంచులు వేలాడుతూనే ఉన్నాయి. ఎప్పుడూ టైముకి వచ్చే తల్లులు కూడా రాలేదు. పిల్లలకి కడుపులో ఆకలి, కళ్ళలో నిద్ర. ఒకడు మొదలుపెడితే అందరూ అందుకున్నారు. ఆయమ్మ ఒక చంకలో ఒకణ్ణి, ఇంకో చంకలో ఒకత్తెని వేసుకుని గదంతా తిరుగుతోంది. నోరు బిగించుకుని తిరుగుతోంది. మిరపమ్మ ఆవిడ ముఖం వైపు చూడలేక గేటు వైపు చూస్తోంది.

ఏడవుతుండగా ఒక్కొక్కరే వచ్చారు. అందరూ నవ్వుతూ వచ్చారు, అదే మంట. చెవికి ఫోన్ అతుక్కుని పుట్టిందా అనిపించే ఒక తల్లి ఉంది, ఫోనమ్మ అంటుంది ఆయమ్మ. ఆవిడ చేతిలో కూరగాయల సంచితో వచ్చి, "థాంక్యూ పిన్నీ, ఈ సౌకర్యం ఎంత బావుందో. సంత కూడా చూసుకుని వచ్చా" అంది.

మిరపమ్మ నెత్తిన నీళ్ళు పోస్తే ఆవిరయ్యేవి. ఆరింటికి రమ్మంటే ఏడింటికి సంత చేసుకుని వస్తారా, మాకు ఇళ్ళు లేవా, మేం మనుషులం కామా అని అందుకుంది. ఫోనమ్మ బిత్తరపోయి, మొదటిసారి ఫోన్‌ని చెవి నుంచి తీసి, పోస్టు తెరిచి చూపించింది.

"మీరే కదా పిన్నీ రాశారు. ఆరు తర్వాత కూడా మా ఒడిలోనే అని. ఇక నుంచి అన్నారు కదా?"

అందులో తప్పేముంది? రాసింది అదే. తిట్టాల్సిన ముఖం ఇది కాదని తెలిసి, మిరపమ్మ పిల్ల సంచి మేకు మీంచి తీసి ఇచ్చింది.

ఈలోగా టై నాన్న వచ్చాడు. ఎండైనా వానైనా మెడలో టై ఉంటుంది కాబట్టి ఆ పేరు. ఆయన పోస్టుని ఆఖరుదాకా చదివిన ఒకే ఒక్క మనిషి. స్వల్ప మార్పులంటే ఎంత, ఎప్పటినుంచి, మేం మూడు నెలలకి ముందే కట్టేశాం కదా మాకూనా అని ఆదివారమే దాని కింద అడిగాడట. మర్యాదగానే అడిగాడు. సోమవారం పొద్దున చూస్తే ఆయన రాసిన మాట లేదు. ఎవరో తీసేశారు. ఆయన ఊరుకుంటాడా? ముందే ఫోన్‌లో ఫొటో తీసి పెట్టుకున్నాడు, ఆ సాయంత్రం వచ్చే దారిలో అది తల్లిదండ్రుల గ్రూపులో పెట్టేశాడు. అప్పటిదాకా పువ్వులు పంపినవాళ్ళంతా అప్పుడు కిందదాకా చదివారు.

ఆయన గేటు దగ్గర నిలబడి ఒక్క మాటే అన్నాడు. "ఫీజు పెంచండి పిన్నీ, తప్పులేదు. మమ్మల్ని వెర్రివాళ్ళని చెయ్యకండి."

ఆ మాట ఆమెకి చెంపదెబ్బలా తగిలింది. ఎందుకంటే అది నిజం, పైగా ఆయన ప్రశ్న తీసేసిన సంగతి ఆమెకి అప్పటిదాకా తెలీదు. గోరుచుట్టు మీద రోకటిపోటులా, అందరూ వెళ్ళాక ఆయమ్మ సంచి భుజాన వేసుకుని, నెలాఖరు దాకా ఎందుకు, ఈ వారంతో సరి అనేసి వెళ్ళిపోయింది. వెనక్కి తిరిగి చూడలేదు.

మంగళవారం మధ్యాహ్నం ఆడపడుచుని పిలిపించింది. పిల్లలు పడుకునే వేళ అది. మధ్య గదిలో పరుపుల మీద వరసగా పసివాళ్ళు, నడుమ ఆయమ్మ కాళ్ళు చాపుకుని ఒకణ్ణి జోకొడుతోంది. కాబట్టి వదినా ఆడపడుచుల పోట్లాటంతా గుసగుసగానే జరగాల్సి వచ్చింది. లోకంలో అంతకంటే కష్టమైన పని లేదు. పెద్దగా తిడితే కోపం సగం గాలికి పోతుంది. గుసగుసగా తిడితే ఒక్కో మాటా పళ్ళ మధ్య పదునెక్కి వస్తుంది.

టై నాన్న అడిగిన మాట ఎందుకు తీసేశావే అంది మిరపమ్మ. పేజీ మీద అలాంటివి ఉంటే బావుండదు వదినా, మా దుకాణంలో అంతే చేస్తాం అంది ఆడపడుచు. మీ దుకాణంలో చొక్కాలమ్ముతారు, ఇక్కడ మనుషులు కడుపున పుట్టినవాళ్ళని అప్పగించి పోతున్నారు, అడిగిన మాటకి జవాబు చెప్పకుండా నోరు నొక్కితే రేపు పిల్లకి దెబ్బ తగిలినా ఇలాగే దాచేస్తారనుకోరా అంది మిరపమ్మ. ఆ మాటకి ఆడపడుచు కాస్త తగ్గింది. తగ్గినా ఓడిపోలేదు. నువ్వే కదా సరేనన్నావు, నేను తేనె పూశాను, మాత్ర నువ్వే ఇచ్చావు అంది.

"తేనె పూశావా? మాత్రే మింగేశావు నువ్వు. జరిమానాని బహుమానం చేశావు. మా ఒడిలోనే అని రాసింది నువ్వు కదా, ఈ నెలంతా ఆరు నుంచి నీ ఒడి పట్టుకుని రా."

పరుపు మీద ఒక పిల్ల కదిలింది. ఇద్దరూ రాళ్ళైపోయారు. ఆయమ్మ చెయ్యి ఆగకుండా ఆడింది. పిల్ల మళ్ళీ పడుకుంది.

మిరపమ్మ ఫోన్ లాక్కుని, ఇక నేనే రాస్తానంది. వంటింటి గట్టు మీద ఆనుకుని రాసింది. రాసినంతసేపూ ముక్కుపుటాలు అదురుతూనే ఉన్నాయి. అయ్యాక ఆడపడుచు గుసగుసగా పైకి చదివి, అలాగే కూలబడింది.

అందులో ఏముందంటే: కొందరు తల్లులకి సంతలు ముఖ్యం, పిల్లలు కాదు. కొందరు టైలు కట్టుకున్నంత మాత్రాన టైము తెలుసుకోరు. మా ఆయమ్మ బీదది, ఆవిడ మనవరాలు పరాయి గుమ్మంలో ఏడుస్తూ కూర్చుంటోంది, మనసున్నవాళ్ళైతే ఫీజు పెంచితే మారు మాటాడరు.

సంత అంటే ఎవరో, టై అంటే ఎవరో ఈ వీధిలో తెలియనిదెవరికి, వాళ్ళు రేపు పిల్లల్ని తీసుకుని పోతారు, చూసినవాళ్ళు రేపు మన గురించి కూడా ఇలాగే రాస్తారని ఎల్లుండి పోతారు అంది ఆడపడుచు. రాతల పని ఆడపడుచుకి తెలుసు మరి, తప్పు దాని నేర్పుది కాదు, నేర్పుని వాడిన చోటుది. మిరపమ్మ పోతే పోనీ అంది. నోటికి పోతే పోనీ వచ్చింది గానీ, వేలు మాత్రం పోస్టు చేసే గుర్తు మీద నొక్కలేదు.

అప్పుడు ఆయమ్మ లేచి వచ్చింది. గుమ్మంలో నిలబడి, ఆఖరి ముక్క మళ్ళీ చదవమంది. ఆడపడుచు చదివింది. ఆయమ్మ ముఖం ఎర్రబడటం మిరపమ్మ అన్నేళ్ళలో మొదటిసారి చూసింది.

"నా మనవరాలి ఏడుపు నీ ఫొటో కింద పెడతావా? నేను జాలి అడగలేదు అమ్మాయ్. నా పనికి ఇంత అని చెప్పు. ఆరింటికి నా పని అయిపోతుందని చెప్పు. అది చెప్పడానికి నీకు నోరు రావట్లేదు గనక ఒకసారి పువ్వులు, ఒకసారి కన్నీళ్ళు."

గుసగుసగా అన్నా, ఆ వంటింట్లో గిన్నెలు మోగినట్టైంది. మిరపమ్మ తిరగబడబోయి ఆగింది. రాసిందంతా చెరిపేసింది. తర్వాత ఆడపడుచుని పక్కన కూర్చోమంది.

ఇద్దరూ రాశారు. ఒక్కో వాక్యానికీ పోట్లాడుకున్నారు. "విన్నవించుకుంటున్నాం" అని ఆడపడుచు పెడితే మిరపమ్మ కొట్టేసింది. "అర్థం కాకపోతే మీ ఖర్మ" అని మిరపమ్మ పెడితే ఆడపడుచు కొట్టేసింది. మొదటి రెండు వరసలే అందరికీ కనపడతాయి, మిగతాది నొక్కితే గానీ రాదు, కాబట్టి అసలు నొప్పి పైనే ఉండాలని ఆ పిల్లే చెప్పింది. తను దాచిన చోటు తనకి తెలుసు కదా. ఫొటో కూడా పిల్లలది వద్దనుకున్నారు. పసివాళ్ళ నవ్వు చూపించి ఫీజు అడిగితే మళ్ళీ పాత కథే. మూసి ఉన్న గేటు ఫొటో తీశారు. దాని కింద ఇదీ:

"వచ్చే నెల ఒకటో తారీకు నుంచి ఫీజు పెరుగుతోంది: ఇప్పుడు వంద ఇచ్చేచోట నూట పది. పిల్లల్ని ఆరింటికల్లా తీసుకెళ్ళాలి, ఇది ఈ రోజు నుంచే.

ఒకటో తారీకు నుంచి ఆరు దాటిన ప్రతి పావుగంటకీ ఒక రోజు ఫీజులో సగం పడుతుంది. ఇది సౌకర్యం కాదు. ఆ సమయం మేం అమ్మడం లేదు. ఆరున్నర దాటితే, పిల్లని చేర్చినప్పుడు మీరు రాసిచ్చిన రెండో మనిషికి ఫోన్ చేసి రమ్మంటాం.

దారిలో బస్సు ఆగినా, ఒంట్లో బాగోకపోయినా ఆరులోపు ఒక్క ఫోన్ చెయ్యండి. అలా చెప్పినవాళ్ళ దగ్గర నెలకి ఒకసారి ఏమీ తీసుకోం.

ముందే కట్టినవాళ్ళకి ఆ గడువు తీరేదాకా పాత ఫీజే. పిల్లల భోజనం, పాలు, పగటి నిద్ర, చూసే మనుషులు, ఏవీ మారవు.

ఇక్కడ పనిచేసేవాళ్ళ జీతం మూడేళ్ళుగా పెంచలేదు. ఇప్పుడు పెంచుతున్నాం. అందుకే ఇదంతా.

ఆదివారం పోస్టులో ఇది తిన్నగా చెప్పలేదు. ఒకరు అడిగితే ఆ మాట తీసేశాం. రెండూ మా తప్పులే. అడగాల్సింది ఇక్కడే అడగండి, ఎవరి మాటా తీయం. సాయంత్రం గేటు దగ్గర నేనే ఉంటాను.
పిన్ని"

ఆయమ్మకి చదివి వినిపించారు. ఆవిడ విని, పిల్లల పాలు వెచ్చబెట్టింది. ఆదివారం పోస్టుని తీసేస్తే మళ్ళీ దాచారంటారని ఉంచేశారు, మొదటి వరసలో మాత్రం "ఇందులో రాసింది సరి కాదు, కొత్త పోస్టు చూడండి" అని చేర్చారు. కొత్తదాన్ని పేజీ నెత్తిన అతికించారు.

ఈసారి గుండెలు రాలేదు. ప్రశ్నలు వచ్చాయి, కొన్ని ముళ్ళతో వచ్చాయి. పెంచే ముందు ఒక నెల గడువైనా ఇవ్వక్కర్లేదా అని ఒకరు. నిజమే, రెండు వారాలే ఇచ్చాం, ఇబ్బందైతే మాట్లాడుకుందాం రండి అని మిరపమ్మ రాసింది. పెంచడం ఎప్పటికైనా ఆగుతుందా అని ఇంకొకరు. ఏడాదిదాకా మళ్ళీ పెంచేది లేదని రాసింది. ఒక్కో జవాబుకీ ముందు ఒక తిట్టు నోట్లోకి వచ్చేది, దాన్ని మింగి, మిగిలింది రాసేది. మధ్యాహ్నమంతా ఆమె మింగిన తిట్లు అరగడానికి వారం పట్టింది, అది వేరే సంగతి.

ఆ సాయంత్రం ఐదున్నరకే గేటు దగ్గరికి వెళ్ళి నిలబడింది. కవల పిల్లల తల్లి ముందు వచ్చింది. ఇద్దరికీ పెరిగితే మా వల్ల కాదు పిన్నీ, నెలాఖరుకి మానిపిస్తాం అంది. కోపంగా అనలేదు. ముందే అంకెలతో చెప్పారు గనక వేరేచోటు చూసుకోవడానికి టైం దొరికిందంది, మా చెల్లెలికి దాని పిల్ల కోసం మీ గురించే చెప్తానంది. మిరపమ్మే వాళ్ళిద్దరి సంచులూ మేకుల మీంచి తీసి అందించింది. కవలల్లో రెండోవాణ్ణి పుట్టిన నాలుగో నెల నుంచీ ఎత్తుకుంది. పోయేవాళ్ళు తిట్టిపోతే బావుండును అనిపించింది.

టై నాన్న ఆరుకి ఐదు నిమిషాలుండగా వచ్చాడు. ముఖంలో కోపం అలాగే ఉంది. "ఇదేదో ఆదివారమే రాసుంటే సరిపోయేది కదా" అన్నాడు.

"సరిపోయేది. రాయలేదు" అంది మిరపమ్మ.

ఆయన ఇంకేదో అనబోయి, కొడుకు సంచి అందుకున్నాడు. ఆయన పేజీలో రాసింది తర్వాత చూశారు: నా ప్రశ్నకి జవాబు వచ్చింది. అంతే. మెప్పు లేదు, తిట్టు లేదు. గ్రూపులో పెట్టిన ఫొటో పక్కనే అదీ పెట్టాడు.

ఆరు కొట్టింది. మేకులకి రెండు సంచులు మిగిలాయి. ఒకటి ఫోనమ్మ కూతురిది. ఆడపడుచు మధ్యాహ్నం వెళ్ళిన దుకాణం నుంచి మళ్ళీ తిన్నగా వచ్చి, మంచి బట్టలతోనే నేల మీద కూర్చుని ఆ పిల్లని ఒళ్ళో వేసుకుంది. ఆయమ్మ సంచి భుజాన తగిలించుకుని గేటు దాకా వచ్చింది. సరిగ్గా అప్పుడే ఫోనమ్మ పరుగున వస్తోంది. ఆయమ్మని చూసి ఆగింది. ఈవిడ ఈ వేళకి ఇంటికి వెళ్ళే మనిషని ఆమెకి అప్పుడే తెలిసినట్టుంది. పక్కకి జరిగి దారి ఇచ్చింది. ఆయమ్మ ఆమెకేసి చూసిన చూపులో క్షమించడం ఏమీ లేదు. ఉండాలని ఎక్కడుంది?

మిరపమ్మ వెంటపడింది. ఈ వారంతో సరి అన్న మాట సంగతి తేల్చుకోకుండా ఆ మనిషిని పోనివ్వలేకపోయింది. రేపు వస్తావా ఆయమ్మా అని అడిగింది. అరవలేదు. అడిగింది.

"రేపొస్తా. ఎల్లుండిదాకా ఆరింటికి ఈ గేటు మూతపడుతుందో లేదో చూసి, అప్పుడు చెప్తా" అంది ఆయమ్మ, నడుస్తూనే. "పోస్టులు నేను చదవను అమ్మాయ్. గేటు చూస్తాను."